డెంగ్యూ కేసు రిపోర్టులో ఏం రాయాలి, ఏం రాయకూడదు? దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి

వశిష్ఠ ఒడ్డు (సెప్టెంబరు 12, సాయంత్రం 6:10)

అందరికీ నమస్కారం. నేను పాలకొల్లులో ఒక నర్సింగ్‌హోమ్‌లో స్టాఫ్ నర్సుని. జ్వరాల కేసులు ఆరోగ్యశాఖకి పంపే పని ఈ నెల నుంచే నాకు అప్పగించారు. ఎలా పంపాలో ఎవరూ నేర్పలేదు. ముందున్నావిడ ఎలా చేసేదో చూసి నేనూ అలాగే చేశాను.

9వ తేదీ రాత్రి ఒక కుర్రాడు జ్వరంతో చేరాడు. 10న కార్డు టెస్టులో డెంగ్యూ ఎన్ఎస్1 పాజిటివ్ వచ్చింది. 11న అతని కేస్ షీటు నాలుగు పేజీలూ, ఆధార్ కార్డూ ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అంతా పంపితే ఏ వివరమూ తగ్గదని అనుకున్నాను.

ఇవాళ రెండు జరిగాయి. పొద్దున్నే ఆరోగ్యశాఖ నుంచి ఫోన్ వచ్చింది: "జ్వరం ఎప్పుడు మొదలైందో లేదేంటమ్మా? ఆధార్‌లో ఉన్న ఇంటికి మావాళ్లు వెళ్తే, ఆ అబ్బాయి మూడేళ్లుగా ఇక్కడ లేడంటున్నారు" అని. మధ్యాహ్నం ఆ కుర్రాడి అన్నయ్య వచ్చి కౌంటర్ దగ్గర నిలబడి ఏడ్చినంత పని చేశాడు. కేస్ షీటులో "మందు అలవాటు ఉంది" అని డాక్టరుగారు రాసుకున్న లైను ఊళ్లోకి పోయిందట. ఆ గ్రూపులో పంచాయతీవాళ్లు, విలేకరులు కూడా ఉన్నారని నాకు తెలియదు. సంబంధం మాట్లాడుకుంటున్న పెళ్లివారు ఫోన్ చేసి అడిగారట.

కావలసింది పంపలేదు, అక్కర్లేనిది పంపాను. పొద్దున్నుంచి మనసు మనసులో లేదు. అసలు ఏం రాయాలి?

(ఊరి పేరు రాశాను, పెద్దలు చెప్తే తీసేశాను.)

---

రిటైర్డ్ సబ్‌యూనిట్ (6:48)

అమ్మా, ఊరి పేరు తీసేసి మంచి పని చేశావు. పేరు లేకపోయినా ఊరు, వయసు, పని మూడూ కలిస్తే మన ఊళ్లలో మనిషి తెలిసిపోతాడు. లంక గ్రామంలో "బయట ఊళ్లో ఉద్యోగం, ఇరవై నాలుగేళ్లు, జ్వరంతో వచ్చాడు" అంటే ఒక్కడే ఉంటాడు.

నేను మలేరియా విభాగంలో ముప్ఫై ఏళ్లు పనిచేశాను. జరిగింది తర్వాత మాట్లాడదాం, ముందు నీ చేతిలో ఇంకా టైముంది. మూడు సంగతులు చెప్పు. జ్వరం ఏ రోజు మొదలైంది? అంతకు ముందు రెండు వారాలు ఎక్కడున్నాడు? జ్వరం వచ్చాక మీ దగ్గర చేరేదాకా ఎక్కడ పడుకున్నాడు? ఆ కుర్రాణ్ణే అడుగు. ఊళ్ల పేర్లు మాత్రం ఇక్కడ రాయకు.

---

ఆచంట అబ్బాయి (6:55)

నాదీ ఇదే బాధండి. మా అమ్మకి డెంగ్యూ అని రిపోర్టు ఇచ్చారు, ఇన్సూరెన్స్‌వాళ్లు ఆ రిపోర్టు చెల్లదంటున్నారు. ఎలైజా రిపోర్టు కావాలట. ఎక్కడ అడగాలి?

---

ల్యాబ్ తమ్ముడు (7:02)

@ఆచంట అబ్బాయి, వీళ్లు మాట్లాడుతున్నది ల్యాబ్ రిపోర్టు గురించి కాదండి, ఆరోగ్యశాఖకి పంపే సమాచారం గురించి. మీ సంగతికి వేరే పోస్టు పెట్టండి, చెప్తాను.

అక్కా, నా వైపు నుంచి ఒక మాట. "డెంగ్యూ పాజిటివ్" అని మాత్రం రాస్తే మాకు ఏమీ అర్థం కాదు. ఏ టెస్టు, అక్కడికక్కడే చూసే కార్డా, ల్యాబ్‌లో చేసే ఎలైజానా, ఎన్ఎస్1 వచ్చిందా ఐజీఎం వచ్చిందా, రక్తం ఏ తేదీన తీశారు, ఈ నాలుగూ ఉండాలి. జ్వరం మొదలైన మొదటి ఐదు రోజుల్లో అయితే ఎన్ఎస్1, అంటే వైరస్ ప్రోటీన్, రక్తంలో దొరుకుతుంది. ఆ తర్వాత ఒంట్లో తయారయ్యే ఐజీఎం యాంటీబాడీలు చూడాలి. జ్వరం తేదీ, రక్తం తీసిన తేదీ పక్కపక్కన ఉంటేనే ఆ ఫలితాన్ని ఎంత నమ్మాలో తెలుస్తుంది. రెండో రోజు తీసిన రక్తంలో ఐజీఎం నెగెటివ్ వస్తే దాన్ని పట్టుకుని "డెంగ్యూ కాదు" అనలేం.

ప్లేట్‌లెట్లు ఉదయం ఎంత, సాయంత్రం ఎంత అని పట్టిక పంపేవాళ్లు చాలామంది. అవి మీ వార్డుకి కావాలి, దోమల పనికి అక్కర్లేదు. ప్లేట్‌లెట్లు వేరే జ్వరాల్లోనూ పడతాయి.

---

ఊరి ఆరెంపీ (7:20)

కార్డు టెస్టు మీద ఆధారపడి డెంగ్యూ అని పంపడమే తప్పు. ఎలైజా వచ్చేదాకా డెంగ్యూ అని రాయకూడదు, ఇది ప్రభుత్వ నిబంధన. కాబట్టి మీరు అసలు పంపకుండా ఉండాల్సింది.

---

రిటైర్డ్ సబ్‌యూనిట్ (7:41)

సగం నిజం చెప్పారండి. ఎలైజా లేకుండా "నిర్ధారణ అయింది" అని రాయకూడదు, అంతవరకు ఒప్పుకుంటాను. అలాగని పంపకుండా కూర్చోకూడదు. అనుమానపు కేసుకి వేరే ఫారం ఉన్నదే అందుకు. ఆరోగ్య కార్యకర్త లక్షణాలు చూసి రాసేది ఎస్ ఫారం, డాక్టరు పరీక్షించి అనుమానించినది పి ఫారం, ల్యాబ్ తేల్చినది ఎల్ ఫారం. 2004లో ఐడీఎస్పీ అనే వ్యాధుల నిఘా కార్యక్రమం మొదలైనప్పటి నుంచీ ఆ మూడూ ఉన్నాయి. 2021 నుంచి వాటినే ఐహెచ్ఐపీ అనే ప్రభుత్వ పోర్టల్‌లో ఎక్కిస్తున్నారు. కార్డు పాజిటివ్‌ని పి కింద పంపి, అదే రోజు సీరం ఐస్ ప్యాకుల్లో పెట్టి ఎలైజా చేసే ప్రభుత్వ ల్యాబ్‌కి పంపాలి. ఫలితం వచ్చాక అదే కేసుకి కలపాలి, కొత్త కేసుగా రాయకూడదు.

ఎలైజా కోసం ఆగితే ఏం పోతుందో ఈ అమ్మాయి తేదీలు చెప్తే లెక్క కట్టి చూపిస్తాను.

---

వశిష్ఠ ఒడ్డు (8:05)

అడిగి వచ్చాను సార్. విజయవాడలో హాస్టల్లో ఉంటాడు. నెలన్నరగా ఊరు కదల్లేదు. 6వ తేదీ సాయంత్రం చలితో జ్వరం వచ్చింది. 7వ తేదీ ఉదయం బస్సెక్కి రాజోలు వైపు ఒక ఊళ్లో మేనత్తగారింటికి వచ్చాడు. 9 రాత్రి దాకా అక్కడే పడుకున్నాడు, తర్వాత చించినాడ వంతెన దాటించి మా దగ్గరికి తెచ్చారు. ఆధార్‌లో ఉన్నది తాతగారి ఇల్లు, మా పాలకొల్లు పక్కనే. నేను ఆ అడ్రసే పంపాను.

---

రిటైర్డ్ సబ్‌యూనిట్ (8:32)

ఇక చూడమ్మా, తేదీలు ఎంత పని చేస్తాయో.

దోమ కుట్టాక జ్వరం రావడానికి నాలుగు నుంచి పది రోజులు పడుతుంది. 6వ తేదీ నుంచి వెనక్కి లెక్కపెడితే ఆగస్టు 27కీ సెప్టెంబరు 2కీ మధ్య కుట్టింది. అప్పుడతను విజయవాడ హాస్టల్లో ఉన్నాడు. అంటే జబ్బు అంటిన చోటు అది. ఆ కబురు విజయవాడ వైపు వెళ్లాలి, ఆ హాస్టల్లో ఇంకా ఎవరికి జ్వరాలున్నాయో చూడాలి.

రెండోది, అందరూ మర్చిపోయేది. జ్వరం రావడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచి, వచ్చాక సుమారు ఐదు రోజుల దాకా రోగి రక్తంలో వైరస్ ఉంటుంది. ఆ రోజుల్లో అతణ్ణి కుట్టిన దోమకి వైరస్ ఎక్కుతుంది. 7, 8, 9 తేదీల్లో అతను మేనత్తగారింట్లో పగలంతా మంచం మీద ఉన్నాడు. డెంగ్యూ దోమ కుట్టేది ఎక్కువగా పగటిపూటే. ఆ ఇంటి దోమలకి 7న వైరస్ ఎక్కిందనుకో, అవి ఇంకొకరికి అంటించగలగడానికి ఎనిమిది నుంచి పన్నెండు రోజులు పడుతుంది. అంటే సెప్టెంబరు 15 నుంచి 19 లోపు. ఇవాళ 12. మూడు రోజులు చేతిలో ఉన్నాయి.

నువ్వు పంపిన అడ్రసులో అతను జబ్బు తెచ్చుకోనూ లేదు, జబ్బుతో పడుకోనూ లేదు. అక్కడ ఫాగింగ్ చేసి వచ్చినా ఏం లాభం? ఎలైజా కోసం నాలుగు రోజులు ఆగి ఉంటే 15 దాటిపోయేది.

ఇంకో మెలిక. పాలకొల్లు పశ్చిమ గోదావరి, మేనత్తగారి ఊరు కోనసీమ జిల్లా. పోర్టల్‌లో జిల్లా ఎంచుకునేటప్పుడు జాగ్రత్త. రాజోలు వైపువాళ్ల పాత కార్డుల మీద ఇంకా "తూర్పు గోదావరి" అనే ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీశాక ఆ పేరు రాజమండ్రి వైపుకి మిగిలింది. కార్డు చూసి తూర్పు గోదావరి నొక్కితే ఆ కేసు రాజమండ్రిలో తేలుతుంది, రాజోలు ఏఎన్ఎంకి కబురే అందదు.

ఈ రాత్రికే పొద్దున ఫోన్ చేసిన ఆఫీసుకి తిరిగి చెయ్యి. మేనత్తగారి ఇంటి ఆనవాలు, ఫోన్ నంబరు నోటితో చెప్పు, తర్వాత పోర్టల్‌లో సరిదిద్దు.

---

కోనసీమ ఏఎన్ఎం (8:50)

సార్ చెప్పింది నూటికి నూరుపాళ్లు. మేము రోజూ పడే బాధ ఇదే. అడ్రసు పెట్టెలో ఆసుపత్రి ఉన్న టౌను పేరు కొట్టి పంపేస్తారు. లేకపోతే ఊరి పేరు మాత్రం. మా దిక్కున "పేట", "పాలెం", "లంక" అని చివర వచ్చే ఊళ్లు ఎన్నున్నాయో మీకు తెలుసు. "రెండో వార్డు, చెరువు గట్టు, రామాలయం వెనక పెంకుటిల్లు, మేనత్తగారిల్లు" అని రాస్తే ఆటో దిగీదిగగానే వెళ్లిపోతాను.

జ్వరం తేదీ అడగడం కూడా ఒక పనేనండి. "ఎప్పట్నించి?" అంటే అందరూ "మూడ్రోజుల్నించి" అంటారు. బాగా ముదిరిన రోజు నుంచి లెక్కపెడతారు. నేనైతే "సంత రోజు పనికి వెళ్లాడా? ఆ రాత్రి అన్నం తిన్నాడా?" అని అడుగుతాను. అప్పుడు ఒళ్లు వెచ్చబడ్డ మొదటి రోజు బయటికొస్తుంది. మొన్నామధ్య ఒకావిడ నాలుగు రోజులంటే, ఇలా అడిగితే ఏడో రోజని తేలింది.

---

డ్యూటీ డాక్టర్ (9:15)

నాకు వేరే అభిప్రాయం ఉంది. ఈ అన్నదమ్ములకి జరిగింది చూశాక, రోగి పేరు, ఫోన్ నంబరు అసలు పంపకూడదని నా వాదన. వైద్యుడికీ రోగికీ మధ్య రహస్యం అనేది ఒకటుంది. వయసు, ఆడా మగా, మండలం పంపితే చాలదా? హెచ్ఐవీకి పేర్లు బయటపెట్టరు కదా, దీనికి ఎందుకు?

---

రిటైర్డ్ సబ్‌యూనిట్ (9:40)

డాక్టరుగారూ, మీ బాధ నాకు అర్థమైంది. కానీ మండలం పేరు పట్టుకుని ఏ ఇంటికి వెళ్తాం? ఈ దోమ పుట్టిన చోటి నుంచి మహా అయితే కొన్ని వందల మీటర్లు ఎగురుతుంది. ఇల్లు తెలిస్తేనే పని. పేరు లేకపోతే ఇంకో చిక్కూ ఉంది: మీరు ఒకసారి, ల్యాబ్‌వాళ్లు ఒకసారి, రేపు కాకినాడకి పంపితే అక్కడివాళ్లు ఒకసారి రాస్తారు. ఒక్క మనిషి ముగ్గురవుతాడు. పేరు, ఫోన్, జ్వరం తేదీ కలిస్తేనే ఒకడేనని పట్టుకోగలం.

పేరు ఎవరికి వెళ్తుందన్నదే అసలు ప్రశ్న. పోర్టల్‌కీ, జిల్లా సర్వైలెన్స్ యూనిట్‌కీ, ఇంటికి వెళ్లే ఏఎన్ఎంకీ పేరు కావాలి. పంచాయతీకి "ఫలానా వార్డులో గాబులు కడిగించండి" అంటే చాలు, విలేకరికి అదీ అక్కర్లేదు. వాట్సాప్ గ్రూపు ఈ మూడింటినీ కలిపేస్తుంది.

హెచ్ఐవీ సంగతి మీరే తెచ్చారు కాబట్టి, కేస్ షీటు ఫోటో ఎందుకు పంపకూడదో దానితోనే చెప్తాను. చాలా ఆసుపత్రుల్లో చేర్చుకునేటప్పుడే హెచ్ఐవీ టెస్టు, హెపటైటిస్ బి కోసం హెచ్‌బీఎస్ఏజీ టెస్టు చేసి మొదటి పేజీలో రాస్తారు. ఆ పేజీ ఫోటోలో పోతే, 2017 హెచ్ఐవీ చట్టం కాపాడమన్న వివరం బజార్న పడినట్టే. "నెగెటివ్ కదా, ఏం పోయింది" అంటారు కొందరు. ఇరవై మందివి నెగెటివ్ అని చూపించి, ఇరవై ఒకటోవాడి దగ్గర ఆ లైను చెరిపితే చూసినవాళ్లు ఏమనుకుంటారు? అందుకే ఎవరిదీ వెళ్లకూడదు.

---

డ్యూటీ డాక్టర్ (9:58)

ఒప్పుకుంటాను, ఇల్లు కావాలి. అయినా రోగికి ముందే చెప్పాలని మాత్రం పట్టుబడతాను. "మీ వివరం ఆరోగ్యశాఖకి వెళ్తుంది, ఇంటికి మనుషులొస్తారు" అని చెప్పకుండా పంపితే, వాళ్ల గుమ్మం ముందు ఫాగింగ్ మిషను ఆగినప్పుడు మమ్మల్నే తిడతారు. వచ్చేసారి జ్వరం వస్తే తప్పుడు అడ్రసు ఇస్తారు.

---

కోనసీమ ఏఎన్ఎం (10:06)

చెప్పాలండి, తప్పకుండా. చెప్పిన ఇంట్లో వాళ్లే గాబు మూత తీసి చూపిస్తారు. చెప్పని ఇంట్లో గేటు దగ్గరే నిలబెడతారు. నేను కూడా "జ్వరాల సర్వే" అని చుట్టూ పది ఇళ్లకీ వెళ్తాను, ఆ ఒక్క ఇంటికే వెళ్తే అందరి కళ్లూ దాని మీదే.

---

కౌలు రైతు కొడుకు (10:30)

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మా నాన్నగారికి రెండేళ్ల కిందట ఊడ్పుల టైములో జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లు పచ్చబడటం. ఎలక జ్వరం, లెప్టో అన్నారు. దేవుడి దయవల్ల బతికారు. అప్పుడూ మా ఇంటి అడ్రసు రాసి పంపారు, వాళ్లొచ్చి మా ఇంటి చుట్టూ బ్లీచింగ్ చల్లి వెళ్లారు. కానీ నాన్నగారు పదిహేను రోజులు వేరే ఊళ్లో, కాలువ కింద కౌలు చేలో మోకాళ్లలోతు నీళ్లలో నిలబడ్డారు. కాళ్లకి పగుళ్లు. ఆ తర్వాత అదే చేలో పనిచేసిన ఇంకొకరికీ జ్వరం వచ్చింది. దానిక్కూడా ఇవే వివరాలు రాయాలా?

---

రిటైర్డ్ సబ్‌యూనిట్ (10:47)

మంచి ప్రశ్న బాబూ. లెప్టోకి ఇల్లు కంటే చేను ముఖ్యం. వృత్తి దగ్గర "కూలి" అని రాస్తే సరిపోదు. ఏ ఊరి చేలో, ఏ కాలువ కింద, ఏ తేదీల్లో నీళ్లలో దిగాడు, కాళ్లకి దెబ్బలున్నాయా అని రాయాలి. ఆ జబ్బు బయటపడటానికి ఎక్కువగా వారం రెండు వారాలు, ఒక్కోసారి నెల దాకా పడుతుంది కాబట్టి అంత వెనక్కి అడగాలి. చేను తెలిస్తే, ఆ చేలో దిగిన మిగతావాళ్లకి జ్వరం రాగానే డాక్టరు దగ్గరికి వెళ్లమని చెప్పొచ్చు. చేను ఎవరిదన్నది, అతని మీద ఆరోపణలా, రాయక్కర్లేదు. చోటు చాలు.

---

ఊరి ఆరెంపీ (11:05)

మీరు చెప్పినవన్నీ సరే. నేను పంపొద్దనడానికి అసలు కారణం చెప్పనా? పోయిన సీజన్‌లో నేను పంపిన అనుమానపు కేసు ఒక క్లినిక్ ద్వారా నమోదైంది. మర్నాడే ఫోన్: "డెంగ్యూ అని ఎందుకు రాయించావు, వైరల్ ఫీవర్ అని మార్పించు" అని. టెన్షన్‌తో రెండ్రోజులు షాపు తెరవలేదు. పంపినవాడికే తిప్పలైతే ఎవరు పంపుతారు?

---

రిటైర్డ్ సబ్‌యూనిట్ (11:21)

అది జరగకూడదు, కానీ జరుగుతుందని నాకూ తెలుసు. దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. చేయగలిగింది ఒకటే: "డెంగ్యూ" అని ఒక్క మాట రాయకుండా "జ్వరం, ఐదో రోజు రక్తం, కార్డులో ఎన్ఎస్1 పాజిటివ్, ఎలైజాకి పంపాం" అని జరిగింది జరిగినట్టు రాయండి. అందులో మార్చమనడానికి ఏమీ ఉండదు. ఉన్నదే రాశారు.

---

డ్యూటీ డాక్టర్ (11:30)

అయినా మార్చమంటారు సార్. నేను చూశాను.

---

వశిష్ఠ ఒడ్డు (సెప్టెంబరు 13, రాత్రి 9:12)

రాత్రే ఫోన్ చేశాను. గ్రూపులో ఫోటోలు తీసేశాను. కానీ అప్పటికే ఎంతమంది దాచుకున్నారో తెలియదు. ఆ అన్నయ్యగారికి మా డాక్టరుగారు, నేను ఎదురుగా క్షమాపణ చెప్పాం.

ఇదిగో, సరిదిద్ది పంపింది. పేర్లు, నంబర్లు తీసేసి ఇక్కడ పెడుతున్నాను, తప్పులుంటే చెప్పండి.

"డెంగ్యూ అనుమానం, పి ఫారం. పేరు, వయసు, పురుషుడు, ఫోన్. జ్వరం మొదలు: సెప్టెంబరు 6 సాయంత్రం. ఆగస్టు నుంచి 7 ఉదయం దాకా విజయవాడ, హాస్టల్ ఉన్న వీధి. 7 నుంచి 9 రాత్రి దాకా మేనత్తగారి ఇల్లు: జిల్లా కోనసీమ, మండలం, గ్రామం, వార్డు, ఆనవాలు, ఆ ఇంటి ఫోన్. 9 రాత్రి చేరిక. రక్తం 10న, కార్డు టెస్టు, ఎన్ఎస్1 పాజిటివ్. సీరం 12న ఎలైజాకి పంపాం. ప్రమాద లక్షణాలు లేవు. ఇంట్లో మరొకరికి జ్వరం లేదు. పంపినవారు, ఫోన్."

ఇంతే. నాలుగు పేజీల ఫోటోలకి బదులు ఎనిమిది లైన్లు.

ఇవాళ మధ్యాహ్నం అక్కడి ఏఎన్ఎం ఫోన్ చేశారు. మేనత్తగారింటి పెరట్లో సిమెంటు గాబు, పక్క తోటలో నీళ్లు నిలిచిన కొబ్బరి చిప్పలు. రెండింట్లోనూ పిల్ల పురుగులున్నాయట. గాబు కడిగించి ఆరబెట్టించారు, చిప్పలు బోర్లించారు, ఇంట్లో మందు కొట్టారు.

---

ల్యాబ్ తమ్ముడు (9:30)

అక్కా, ఒక్కటి. ఎలైజాకి పంపింది 10న తీసిన రక్తమేనా, 12న కొత్తగా తీశారా? 12 అంటే ఏడో రోజు. అప్పుడు ఎన్ఎస్1 ఒక్కటే చేస్తే నెగెటివ్ రావచ్చు, ఐజీఎం కూడా అడగాలి. రక్తం తీసిన తేదీ వేరే అయితే అది రాయండి.

---

వశిష్ఠ ఒడ్డు (9:44)

12న కొత్తగా తీసిందే తమ్ముడూ. ఆ తేదీ రాయలేదు. ఇప్పుడే ల్యాబ్‌కి ఫోన్ చేసి ఐజీఎం కూడా అడుగుతున్నాను.